వీపీఎన్ ఆన్ చేస్తే ఇంట్లో ప్రింటర్ మాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడల్లో ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీలకో బెంగళూరు కంపెనీలకో పనిచేసేవాళ్ల కోసం ఈ పేజీ రాస్తున్నాను. ఇళ్లకూ చిన్న ఆఫీసులకూ నెట్‌వర్క్ పెట్టడం నా పని. వివరంగా చెప్పాల్సిన చోట గుంటూరు బ్రాడీపేటలో చూసిన ఒక కేసునే వాడుకుంటాను. అక్కడ ఒక మేడమ్ గారు హైదరాబాద్ కంపెనీకి అకౌంట్స్ చూస్తారు. హాల్లో వై-ఫై ప్రింటర్ ఉంది. లోపలి గదిలో కంపెనీ ఇచ్చిన విండోస్ 11 ల్యాప్‌టాప్ ఉంది. పొద్దున వీపీఎన్ కనెక్ట్ చేసిన దగ్గర్నుంచి సాయంత్రం తీసేదాకా ఒక్క కాగితం కూడా బయటికి రాదు.

వీపీఎన్ ఆన్ చేయగానే ప్రింటర్ Offline అని చూపిస్తోంది. ప్రింటర్ పాడైందా?

లేదు. వీపీఎన్ తీసేసిన నిమిషంలోపే మళ్లీ ప్రింట్ వస్తోందంటే ప్రింటర్, వై-ఫై, డ్రైవర్ మూడూ బాగానే ఉన్నట్టు. డ్రైవర్ తీసి మళ్లీ వేయడం, ప్రింటర్ రీసెట్ చేయడం ఇక్కడ దండగ. పైగా రీసెట్ చేస్తే ప్రింటర్ వై-ఫై పాస్‌వర్డ్ మర్చిపోతుంది, అప్పుడు రెండో సమస్య మొదలవుతుంది.

వీపీఎన్ ఆఫ్‌లో ఉన్నా ప్రింటర్ కనబడకపోతే అది వేరే కథ. ప్రింటర్ ఒక వై-ఫైలో, ల్యాప్‌టాప్ గెస్ట్ వై-ఫైలో ఉన్నాయేమో ముందు చూసుకోండి. ఈ పేజీ దాని గురించి కాదు.

ప్రింటర్ పక్క గదిలోనే ఉంది. దానికీ హైదరాబాద్ ఆఫీసుకీ ఏం సంబంధం?

సంబంధం వీపీఎన్ పెట్టిన పద్ధతిలో ఉంది. వీపీఎన్ మీ ల్యాప్‌టాప్ నుంచి ఆఫీసు దాకా ఇంటర్నెట్ మీదుగా ఒక రహస్య దారి వేస్తుంది, దాన్నే టన్నెల్ అంటారు. వీపీఎన్‌ని రెండు రకాలుగా పెట్టవచ్చు. ఆఫీసు సర్వర్లకు వెళ్లే ట్రాఫిక్‌ని మాత్రమే టన్నెల్‌లోకి పంపి, మిగతాదంతా మీ ఇంటి ఇంటర్నెట్ మీదుగానే పోనిస్తే దాన్ని స్ప్లిట్ టన్నెల్ అంటారు. ల్యాప్‌టాప్ నుంచి బయల్దేరే ప్రతి డేటా ముక్కనీ, అంటే ప్యాకెట్‌నీ, టన్నెల్‌లోకే తోస్తే అది ఫుల్ టన్నెల్. చాలా కంపెనీలు రెండోదే ఎంచుకుంటాయి.

ఫుల్ టన్నెల్‌ని గట్టిగా బిగించినప్పుడు, హాల్లో ఉన్న ప్రింటర్‌కి వెళ్లాల్సిన డేటా కూడా హైదరాబాద్ దాకా వెళ్తుంది. పక్కింటివాళ్లకి రాసిన చీటీని పోస్టులో హైదరాబాద్ పంపినట్టు అన్నమాట. అక్కడ వీపీఎన్ కనెక్షన్లను అందుకునే యంత్రాన్ని గేట్‌వే అంటారు. దానికి మీ హాల్లోని ప్రింటర్ అడ్రస్ 192.168.1.50 ఎవరిదో తెలియదు. 192.168తో మొదలయ్యే అడ్రసులు ప్రైవేటువి, ఎవరింట్లో వాళ్లు వాడుకునేవి. ఇంటర్నెట్‌లో వాటికి దారి ఉండదు. కాబట్టి గేట్‌వే ఆ డేటాని పారేస్తుంది. జవాబు రాదు కాబట్టి విండోస్ Offline అని రాసేస్తుంది.

కానీ ఇంటి నెట్‌వర్క్‌కి ల్యాప్‌టాప్‌లో విడిగా దారి ఉంటుంది కదా? అదెందుకు పనిచేయదు?

ఇది సరైన ప్రశ్న. అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

ప్రతి కంప్యూటర్‌లోనూ రూటింగ్ టేబుల్ ఉంటుంది. ఏ అడ్రసుకి వెళ్లాలంటే ఏ దారి పట్టాలో అందులో రాసి ఉంటుంది. 0.0.0.0 అనే వరుసకి అర్థం, వేరే ఏదీ సరిపోకపోతే ఇటు వెళ్లు అని. 192.168.1.0 అనే వరుస మీ ఇంటి నెట్‌వర్క్‌ది. ఒక అడ్రసుకి రెండు వరుసలూ సరిపోతే, ఎక్కువ నిర్దిష్టంగా ఉన్నదే గెలుస్తుంది. వీపీఎన్ కేవలం 0.0.0.0 వరుసని తన వైపు తిప్పుకుంటే ప్రింటర్‌కి ఏమీ కాకూడదు. ఇంటి వరుస అలాగే ఉంది, అది మరింత నిర్దిష్టమైనది, ప్రింట్ రావాలి. చాలా ఇళ్లలో వీపీఎన్ ఆన్‌లో ఉన్నా ప్రింట్ వచ్చేది అందుకే.

రానిచోట మూడింట్లో ఒకటి జరుగుతుంది. మొదటిది, వీపీఎన్ సాఫ్ట్‌వేర్ మీ ఇంటి వరుసకి పోటీగా అదే 192.168.1.0 వరుసని తన పేరు మీద కూడా రాస్తుంది. రెండూ అంతే నిర్దిష్టం కాబట్టి అప్పుడు ప్రతి దారికీ ఇచ్చిన ప్రాధాన్య అంకె, అంటే మెట్రిక్, చూస్తారు. మెట్రిక్ తక్కువ ఉన్న దారి గెలుస్తుంది, వీపీఎన్ తనకి తక్కువ మెట్రిక్ ఇచ్చుకుంటుంది. రెండోది, దారి మార్చకుండానే ఫైర్‌వాల్ లాంటి ఫిల్టర్ పెట్టి, టన్నెల్‌లోంచి పోనిదాన్నంతా ఆపేస్తుంది. మూడోది, దారి బాగానే ఉంటుంది, ప్రింటర్‌ని వెతికే పిలుపు మాత్రం తప్పు వైపు పోతుంది. ఈ మూడోదానికి మీరే మందు వేసుకోవచ్చు. మొదటి రెండూ కంపెనీ ఐటీ చేతిలో ఉంటాయి. అందుకే ఏది జరుగుతోందో ముందు తేల్చుకోవాలి.

ఏది జరుగుతోందో ఎలా తెలుసుకోవాలి?

ముందు ప్రింటర్ ఐపీ అడ్రస్ కావాలి. ప్రింటర్ తెరమీద నెట్‌వర్క్ మెనూలో ఉంటుంది, లేదా ప్రింటర్ నుంచే నెట్‌వర్క్ వివరాల పేజీ ప్రింట్ తీసుకోవచ్చు. బ్రాడీపేట కేసులో అది 192.168.1.50. ల్యాప్‌టాప్‌కి ఇంటి రౌటర్ ఇచ్చినది 192.168.1.23, వీపీఎన్ ఇచ్చినది 10.20.4.17.

వీపీఎన్ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి పవర్‌షెల్ తెరిచి ఇది కొట్టండి. అడ్మిన్ హక్కులు అక్కర్లేదు.

```
Test-NetConnection 192.168.1.50 -Port 9100
```

9100 అనేది చాలా నెట్‌వర్క్ ప్రింటర్లు ప్రింట్ డేటా తీసుకునే పోర్టు. మీది దాని మీద జవాబివ్వకపోతే 631తో ప్రయత్నించండి. వీపీఎన్ ఆఫ్‌లో ఉండగా TcpTestSucceeded దగ్గర True రావాలి. అది రాకుండా ముందుకు వెళ్లకండి, పోలిక తప్పిపోతుంది.

వీపీఎన్ ఆన్ చేశాక మా కేసులో వచ్చింది ఇది:

```
RemoteAddress    : 192.168.1.50
SourceAddress    : 10.20.4.17
TcpTestSucceeded : False
```

SourceAddress వరుస చూడండి. ప్రింటర్‌తో మాట్లాడటానికి ల్యాప్‌టాప్ వాడిన అడ్రస్ 10.20.4.17, అంటే వీపీఎన్‌ది. హాల్లోకి వెళ్లాల్సినది టన్నెల్‌లోకి దూరిందని అక్కడే తేలిపోయింది. రూటింగ్ టేబుల్ కూడా అదే చెప్పింది:

```
route print -4

192.168.1.0  255.255.255.0  On-link    192.168.1.23  306
192.168.1.0  255.255.255.0  10.20.4.1  10.20.4.17      2
```

ఒకే నెట్‌వర్క్‌కి రెండు వరుసలు. చివరి అంకె మెట్రిక్. వై-ఫైది 306, వీపీఎన్‌ది 2. తక్కువది గెలిచింది. ఇది మొదటి రకం.

మీకు SourceAddress దగ్గర 192.168.1.23 లాంటి ఇంటి అడ్రసే ఉండి కూడా False వస్తే, దారి సరిగ్గానే ఉంది, మధ్యలో ఫిల్టర్ ఆపుతోంది. ఇది రెండో రకం. ఇలాంటప్పుడు ప్రింటర్‌కి ping కొడితే Request timed out బదులు General failure అని వెంటనే రావడం తరచూ కనబడుతుంది. ల్యాప్‌టాప్ ప్యాకెట్‌ని గుమ్మం దాటనివ్వలేదని దానర్థం.

వీపీఎన్ ఆన్‌లో ఉన్నా True వస్తే సంతోషించండి, మీది మూడో రకం.

True వస్తోంది, కానీ ప్రింటర్ లిస్టులో కనబడట్లేదు. ఏం చేయాలి?

ప్రింటర్‌ని విండోస్ కనిపెట్టే పద్ధతి వేరు, దానికి డేటా పంపే పద్ధతి వేరు. కనిపెట్టడానికి, ఇక్కడ ప్రింటర్లు ఎవరైనా ఉన్నారా అని ఒకేసారి చాలా పరికరాలకి వినబడేలా, అంటే మల్టీకాస్ట్‌లో, ఒక కేక వేస్తుంది. ఆ కేక 224.0.0.251 లేదా 239.255.255.250 అనే అడ్రసుకి పోతుంది. ఇవి మీ ఇంటి నెట్‌వర్క్ వరుసలో ఉండవు కాబట్టి, ఏ అడాప్టర్ మెట్రిక్ తక్కువైతే అటు వెళ్లిపోవచ్చు. అంటే వీపీఎన్ వైపు. ప్రింటర్‌కి ఆ కేక వినబడదు, అది పలకదు.

ఆటోమేటిక్‌గా చేర్చిన ప్రింటర్ చాలాసార్లు ఈ కేక మీదే ఆధారపడి ఉంటుంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో Ports ట్యాబ్ తెరిచి, టిక్ ఉన్న పోర్టు పేరు WSD తో మొదలైతే అదే సంగతి. అప్పుడు ప్రింటర్‌ని ఐపీ అడ్రసుతో చేర్చాలి. Printers & scanners లో Add device నొక్కి, కొన్ని క్షణాలు ఆగితే మాన్యువల్‌గా చేర్చే దారి కనబడుతుంది. అందులో Add a printer using an IP address or hostname ఎంచుకుని, రకం TCP/IP Device పెట్టి, అడ్రస్ కొట్టండి. కంపెనీ ల్యాప్‌టాప్‌లో దీనికి అడ్మిన్ పాస్‌వర్డ్ అడగవచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. రౌటర్ ఎప్పుడైనా ప్రింటర్‌కి కొత్త అడ్రస్ ఇస్తే ఇదంతా మళ్లీ మొదటికి వస్తుంది. మన ఊళ్లో ఎండాకాలం కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రౌటర్, ప్రింటర్ రెండూ కొత్తగా లేస్తాయి కాబట్టి ఇది తరచూ జరిగేదే. రౌటర్ సెట్టింగుల్లో DHCP కింద ప్రింటర్ మ్యాక్ అడ్రసుకి ఒకే ఐపీని రిజర్వ్ చేసేయండి.

రెండోది, ప్రింట్ వస్తున్నా Offline అని చూపిస్తూ ఉంటే Ports ట్యాబ్‌లో Configure Port తెరిచి SNMP Status Enabled టిక్ తీసేయండి. విండోస్ ప్రింటర్ క్షేమం అడిగే ప్రశ్న అది. ప్రింట్ డేటా వెళ్లే పోర్టు తెరిచి ఉన్నా ఈ ప్రశ్నకి జవాబు రాకపోతే, బాగున్న ప్రింటర్‌ని కూడా లేనట్టు చూపిస్తుంది.

వీపీఎన్ సెట్టింగుల్లో లోకల్ నెట్‌వర్క్ టిక్ పెట్టాను. అయినా ఏమీ మారలేదు.

సిస్కో క్లయింటులో ఆ టిక్ పక్కన పూర్తిగా ఇలా ఉంటుంది: Allow local (LAN) access when using VPN (if configured). చివరి రెండు మాటలు చూడండి. ఆఫీసు గేట్‌వేలో కూడా దాన్ని అనుమతిస్తేనే మీ టిక్‌కి విలువ. అక్కడ ఇవ్వకపోతే మీరు ఎన్నిసార్లు టిక్ పెట్టినా ఫలితం లేదు. అక్కడ ఇచ్చి ఇక్కడ టిక్ లేకపోయినా పనిచేయదు. రెండు వైపులా కావాలి. టిక్ మార్చాక వీపీఎన్ తీసి మళ్లీ కనెక్ట్ చేయడం మర్చిపోకండి.

బ్రాడీపేట మేడమ్ గారు ఆ టిక్ ఎప్పుడో పెట్టుకున్నారు. గేట్‌వే వైపు లేదు, అంతే.

సొంతంగా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకున్నవాళ్లకి మాత్రం ఇది వాళ్ల చేతిలోనే ఉంటుంది. విండోస్‌లో టన్నెల్ ఎడిట్ చేసే చోట Block untunneled traffic (kill-switch) అనే టిక్ తీసేస్తే ఇంటి నెట్‌వర్క్ తెరుచుకుంటుంది. ఇంటర్నెట్ ట్రాఫిక్ మాత్రం టన్నెల్‌లోనే పోతుంది.

రూట్ నేనే కలుపుకుంటే? route add అని ఒక కమాండ్ ఉందట.

వద్దు. మొదటి కారణం, పని జరగదు. ఇలా గట్టిగా బిగించే క్లయింట్లలో కొన్ని రూటింగ్ టేబుల్‌ని కనిపెట్టుకుని ఉంటాయి, మీరు కలిపిన వరుసని వెంటనే తీసేస్తాయి. ఫిల్టర్ ఉన్న చోట దారి ఎంత సరిగ్గా రాసినా ప్యాకెట్ ఆగిపోతుంది. రెండో కారణం ఇంకా ముఖ్యం. అది కంపెనీ మెషిన్, కంపెనీ పెట్టిన నియమం. దాన్ని దొంగదారిలో తప్పించుకున్నట్టు లాగ్‌లో పడితే, ఒక ప్రింట్ కోసం ఉద్యోగం మీదికి తెచ్చుకున్నట్టు అవుతుంది.

కంపెనీకి మా ప్రింటర్ మీద ఎందుకంత పట్టుదల?

ప్రింటర్ మీద కాదు, ఇంటి నెట్‌వర్క్ మీద. ఆ వై-ఫైలో పిల్లల ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా, పాత ల్యాప్‌టాప్ అన్నీ ఉంటాయి. వాటిలో ఏదో ఒకదాన్ని ఎవరైనా పట్టుకుంటే, అక్కడ్నుంచి ఆఫీసు ల్యాప్‌టాప్‌ని తాకకూడదన్నది ఒక ఉద్దేశం.

ఇంకొకటుంది. 2023లో టన్నెల్‌క్రాక్ అనే పేరుతో పరిశోధకులు కొన్ని వీపీఎన్ లోపాలు బయటపెట్టారు. అందులో ఒకటి సరిగ్గా ఈ లోకల్ నెట్‌వర్క్ మినహాయింపు గురించే. ఎవరో ఒక దొంగ వై-ఫై పెట్టి, అందులో చేరినవాళ్లకి ఇంటి అడ్రసుల బదులు ఇంటర్నెట్‌లో నిజంగా ఉన్న సర్వర్ల అడ్రసుల వరుసని లోకల్ నెట్‌వర్క్‌గా ఇస్తారు. వీపీఎన్ క్లయింట్ అది లోకలే కదా అని టన్నెల్ బయటికి వదిలేస్తుంది. ఆ సర్వర్‌కి వెళ్లే ట్రాఫిక్ దొంగ చేతిలో పడుతుంది. రైల్వే స్టేషన్లో ఏదో ఉచిత వై-ఫైకి కనెక్టయ్యే ఉద్యోగిని తలుచుకుంటే ఐటీ వాళ్ల టెన్షన్ అర్థమవుతుంది.

అయితే దీనికి మందు మొత్తం మూసేయడమే కాదని నా అభిప్రాయం. 192.168, 10, 172.16 నుంచి 172.31 దాకా ఉన్న ప్రైవేటు అడ్రసులకు మాత్రమే మినహాయింపు ఇస్తే ఈ దాడి తగ్గుతుంది. ప్రింటర్ పోర్టులకే పరిమితం చేస్తే ఇంకా మంచిది. అడిగితే ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, అందుకే సరిగ్గా అడగడం ముఖ్యం.

ఐటీ వాళ్లకి ఏమని రాయాలి?

ప్రింటర్ పనిచేయడం లేదు అని ఒక్క ముక్క రాస్తే, డ్రైవర్ మళ్లీ వేయండి అన్న జవాబు వస్తుంది. మీరు చూసింది రాయండి. మేడమ్ గారి చేత రాయించింది దాదాపు ఇలా ఉంది:

"సార్, వీపీఎన్ లేనప్పుడు నా ప్రింటర్ 192.168.1.50 పోర్ట్ 9100 అందుతోంది. వీపీఎన్ కనెక్ట్ చేశాక అదే అడ్రసుకి ట్రాఫిక్ 10.20.4.17 నుంచి, అంటే టన్నెల్‌లోంచి వెళ్తోంది. రూటింగ్ టేబుల్ స్క్రీన్‌షాట్ జత చేశాను. నాకు స్ప్లిట్ టన్నెల్ అవసరం లేదు. లోకల్ ల్యాన్ యాక్సెస్ మాత్రం ఇవ్వగలరా? కుదరకపోతే యూఎస్‌బీ ప్రింటర్ వాడటానికి అనుమతి ఇవ్వండి."

నాకు స్ప్లిట్ టన్నెల్ అవసరం లేదు అన్న వాక్యం కావాలనే పెట్టించాను. ఆ పేరు వింటే సెక్యూరిటీ టీమ్ వెనక్కి తగ్గుతుంది. లోకల్ యాక్సెస్ చాలా చిన్న కోరిక. ఇంటర్నెట్ అంతా వాళ్ల టన్నెల్‌లోనే ఉంటుంది, మీ సొంత నెట్‌వర్క్ ఒక్కటే బయట ఉంటుంది.

ఇవ్వం అంటే?

యూఎస్‌బీ కేబుల్. దీనికి ఐపీ లేదు, రూటింగ్ లేదు, వీపీఎన్‌కి సంబంధమే లేదు. చాలా వై-ఫై ప్రింటర్లకు వెనకాల యూఎస్‌బీ పోర్టు కూడా ఉంటుంది, చతురస్రంగా ఉండే ఆ పోర్టుకి టైప్-బీ కేబుల్ సరిపోతుంది. ప్రింటర్‌ని హాల్లోంచి గదిలోకి మార్చాల్సి వస్తుంది, అంతే. కంపెనీ యూఎస్‌బీ పరికరాలను కూడా ఆపి ఉంటే మాత్రం అదీ వాళ్లనే అడగాలి. బ్రాడీపేటలో చివరికి స్థిరపడింది ఇదే. లోకల్ యాక్సెస్ ఇవ్వలేదు, యూఎస్‌బీకి ఒప్పుకున్నారు. ఇంట్లో మిగతావాళ్లు అదే ప్రింటర్‌ని వై-ఫై మీద ఎప్పటిలాగే వాడుకుంటున్నారు.

రౌటర్ లేకుండా ల్యాప్‌టాప్‌ని నేరుగా ప్రింటర్‌కి కలిపే వై-ఫై డైరెక్ట్ వాడొచ్చా అని కూడా అడుగుతారు. అదీ ఒక చిన్న ఐపీ నెట్‌వర్కే కాబట్టి ఇదే ఫిల్టర్ దాన్ని కూడా ఆపే అవకాశం ఎక్కువ. దాని మీద సమయం పెట్టకండి.

వీపీఎన్ తీసి, ప్రింట్ తీసి, మళ్లీ కనెక్ట్ చేయడం తప్పా?

తప్పు కాదు, ఫైలు ల్యాప్‌టాప్‌లో ఉంటే ఇదీ ఒక మార్గమే. వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా పెట్టిన కంపెనీల్లో మాత్రం తీయడం కుదరదు.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త. వీపీఎన్ ఆన్‌లో ఉన్నప్పుడు మీరు కొట్టిన ప్రింట్లు పోవు, క్యూలో ఉంటాయి. రాలేదని నాలుగుసార్లు కొడితే నాలుగూ ఉంటాయి. సాయంత్రం వీపీఎన్ తీయగానే అన్నీ వరసపెట్టి హాల్లో పడతాయి. అవి జీతాల స్టేట్‌మెంట్లయితే, ఆ సమయంలో హాల్లో చుట్టాలుంటే, చాలా ఇబ్బంది. వీపీఎన్ తీసేముందు ప్రింటర్ క్యూ తెరిచి అక్కర్లేనివి క్యాన్సిల్ చేయండి.

రిమోట్ డెస్క్‌టాప్‌లో ట్యాలీ వాడతాను. సర్వర్ నుంచి ప్రింట్ కొడితే?

సర్వర్‌లో కొట్టిన ప్రింట్ మీ ల్యాప్‌టాప్ దాకా టన్నెల్‌లోనే చక్కగా వస్తుంది. అక్కడ్నుంచి ప్రింటర్‌కి వెళ్లే చివరి అడుగు దగ్గరే పాత సమస్య. వై-ఫై ప్రింటర్ అయితే ఆగుతుంది, యూఎస్‌బీ అయితే వచ్చేస్తుంది.

ఫోన్‌కి పీడీఎఫ్ పంపుకుని ఫోన్ నుంచి ప్రింట్ తీస్తే?

ఫోన్ వీపీఎన్‌లో లేదు కాబట్టి ప్రింట్ వస్తుంది. కానీ ఆఫీసు కాగితం మీ వాట్సాప్‌లోకో సొంత మెయిల్‌లోకో వెళ్లిపోయింది. కంపెనీలు ఇంత గట్టిగా బిగించేది అలాంటివి జరగకూడదనే కూడా. ఆ పీడీఎఫ్‌ని జిరాక్స్ షాపు నంబరుకి పంపడమూ అంతే.

మా ఇంట్లోనూ ఆఫీసులోనూ 192.168.1 నెట్‌వర్కే ఉంది. ఇబ్బందా?

అవును, ఇది ఇంకో చిక్కు. లోకల్ యాక్సెస్ ఉన్నా, 192.168.1.50 అంటే మీ ప్రింటరా, ఆఫీసు సర్వరా అన్నది ల్యాప్‌టాప్ తేల్చుకోలేదు. ఒకటి అందితే ఇంకొకటి అందదు. ఆఫీసు మారదు కాబట్టి మీ రౌటర్‌లో ల్యాన్ అడ్రసుని 192.168.77.1 లాంటి వాడుకలో లేనిదానికి మార్చండి. అన్ని పరికరాలూ కొత్త అడ్రసులు తీసుకుంటాయి. మీరు ఐపీతో చేర్చిన ప్రింటర్ పోర్టునీ, రౌటర్లో చేసిన రిజర్వేషన్‌నీ కొత్త అడ్రసుకి మార్చి, వీపీఎన్ ఆన్‌లో పెట్టి Test-NetConnection మరోసారి కొట్టి చూడండి.